ఇంటి కార్బన్ ఫుట్‌ప్రింట్ లెక్క: తరచుగా అడిగే ప్రశ్నలు

కరెంటు బిల్లు, బండికి పోయించిన పెట్రోలు, విమాన ప్రయాణాలు, వంటింట్లోకి వచ్చిన సరుకులు: ఈ నాలుగింటి నుంచి ఒక కుటుంబం ఏడాది ఉద్గారాలను అంచనా వేయొచ్చు. వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మాలన్నదే అసలు చిక్కు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుని, మొదటి నుంచి చివరి దాకా అదే ఉదాహరణతో వెళ్దాం.

లెక్క వేసే పద్ధతి ఏమిటి?

పద్ధతి చాలా చిన్నది. ఎంత వాడాం అన్నదాన్ని, ఒక్కో యూనిట్‌కు ఎంత ఉద్గారం అన్నదానితో గుణించాలి. మొదటిది వాడకం, రెండోది ఉద్గార గుణకం. కార్బన్ డయాక్సైడ్‌తో పాటు మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కూడా ఉంటాయి కాబట్టి, అన్నింటినీ కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన కిలోల్లోకి మార్చి కలుపుతారు. ఈ పేజీలో ఉద్గారాలు ఎన్ని కిలోలు అని చెప్పినా అర్థం అదే.

గుణకారం ఎవరైనా చేస్తారు. తేడా వచ్చేది ఎక్కడంటే, కరెంటు విషయంలో వాడకం కచ్చితంగా తెలుసు, గుణకమే సందేహం. పెట్రోలు విషయంలో రెండూ దాదాపు గట్టివే. తిండికి వచ్చేసరికి రెండూ గట్టివి కావు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే కింద చెప్పేదంతా సులభంగా అర్థమవుతుంది.

కరెంటు లెక్కకు బిల్లులో ఉన్న యూనిట్లు చాలా?

చాలు, కానీ ఏడాది పొడవునా ఉన్న బిల్లులు కావాలి. ఒక్క నెల బిల్లును పన్నెండుతో గుణిస్తే ఏసీ నెలో, హీటర్ నెలో లెక్కను తారుమారు చేస్తుంది. ఇంకో జాగ్రత్త: కొన్ని బిల్లులు రీడింగ్ తీయకుండా అంచనాతో వేసినవి ఉంటాయి. ఏడాది మొదటి రోజు రీడింగ్, చివరి రోజు రీడింగ్ తీసుకుని, రెండింటి తేడా చూస్తే ఈ గొడవ ఉండదు.

మన కుటుంబం 3,000 యూనిట్లు వాడింది. గ్రిడ్ గుణకం యూనిట్‌కు 0.5 కిలో అనుకుందాం. నేరుగా గుణిస్తే 1,500 కిలోలు. అయితే ఆ 0.5 విద్యుత్ కేంద్రం గేటు దగ్గరి అంకె. తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో కొంత పోతుంది. ఆ నష్టం 8 శాతం అయితే, మన ఇంటికి 3,000 యూనిట్లు చేరడానికి అక్కడ సుమారు 3,260 యూనిట్లు తయారై ఉండాలి. అప్పుడు లెక్క 1,630 కిలోలు. ఈ నష్టం దేశాన్ని బట్టి చాలా మారుతుంది. కొన్ని గుణకాల్లో అది ముందే కలిపి ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. గుణకం పక్కన ఉన్న వివరణ చదవకుండా నష్టం కలిపితే రెండుసార్లు కలిపినట్టు కావొచ్చు.

ఒక్కో వెబ్‌సైట్‌లో ఒక్కో గ్రిడ్ గుణకం ఉంది. ఏది సరైనది?

చాలాసార్లు అన్నీ సరైనవే, అవి జవాబిచ్చే ప్రశ్నలే వేరు. ఒకటి బొగ్గు, గ్యాస్ మండినప్పుడు పొగగొట్టంలోంచి వచ్చేదాన్ని మాత్రమే లెక్కిస్తుంది. ఇంకొకటి గని తవ్వడం, కేంద్రం కట్టడం దాకా మొత్తం జీవితచక్రాన్ని లెక్కిస్తుంది. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందమైన ఐపీసీసీ 2014 నివేదికలో జీవితచక్రపు మధ్యస్థ విలువలు యూనిట్‌కు బొగ్గుకు 820 గ్రాములు, గ్యాస్‌కు 490, జలవిద్యుత్తుకు 24, అణువిద్యుత్తుకు 12. గ్రిడ్‌లో ఇవి ఏ పాళ్లలో కలిశాయో దాన్ని బట్టి మొత్తం గుణకం తేలుతుంది. అందుకే వానలు బాగా పడి జలాశయాలు నిండిన ఏడాదికీ, కరవు ఏడాదికీ అదే ఊరి గుణకం మారిపోతుంది.

మూడు విషయాలు చూసుకోండి: గుణకం ఏ ఏడాదిది, ఏ గ్రిడ్‌ది, నష్టాలు కలిపారా లేదా. గుణకాలు ఎప్పుడూ కొంత ఆలస్యంగానే ప్రచురిస్తారు. సౌర, పవన విద్యుత్తు వేగంగా పెరుగుతున్న చోట రెండు మూడేళ్ల పాత అంకె వాడితే లెక్క ఎక్కువ చూపిస్తుంది. ఇవన్నీ కలిపి మన కుటుంబం కరెంటు లెక్కకు పదిహేను శాతం అటూ ఇటూ అనుకుందాం, అంటే 245 కిలోలు.

"మేం గ్రీన్ పవర్ ప్లాన్ కొన్నాం, మాది సున్నా కదా" అనే వాళ్లుంటారు. ఉద్గారాల లెక్కకు ప్రమాణాలు రాసే జీహెచ్‌జీ ప్రోటోకాల్ 2015 మార్గదర్శకం ఈ చిక్కును సంస్థల విషయంలో ఇలా పరిష్కరించింది: తీగల్లో నిజంగా వచ్చే కరెంటు లెక్క ఒకటి, కాగితం మీద కొన్న కరెంటు లెక్క ఒకటి, రెండూ పక్కపక్కనే చూపించాలి. ఇంటికి కూడా అదే మర్యాద. సున్నా ఒక్కటే చూపిస్తే సగం చెప్పినట్టు.

డాబా మీద సోలార్ ఉంటే?

ఇంట్లోనే వాడుకున్న సోలార్ యూనిట్లు మీటరు దాకా రావు, కాబట్టి గ్రిడ్ లెక్కలో వాటంతట అవే తగ్గిపోతాయి. గ్రిడ్‌కు పంపిన యూనిట్లను మాత్రం మీ లెక్కలోంచి కొట్టేయకండి, పక్కన విడిగా రాసుకోండి. నెట్ మీటరింగ్ బిల్లు గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లలోంచి పంపినవాటిని తీసేసి చూపిస్తుంది కాబట్టి నికర అంకె కాకుండా, గ్రిడ్ నుంచి తీసుకున్న దిగుమతి అంకె తీసుకోవాలి.

కారుకు కిలోమీటర్లు లెక్కించాలా, లీటర్లా?

లీటర్లు. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.31 కిలోలు, లీటరు డీజిల్‌కు 2.68 కిలోలు. ఇంధనంలో ఉన్న కార్బన్ ఎంతో తెలుసు, అది ఎక్కడికీ పోదు, ఎలా నడిపినా పొగగొట్టంలోంచి అంతే వస్తుంది. ఈ మొత్తం లెక్కలో ఇంత గట్టి అంకె ఇంకొకటి లేదు. ఇథనాల్ కలిపిన పెట్రోలైతే, మొక్కల నుంచి వచ్చిన ఆ భాగాన్ని విడిగా చూపిస్తారు కాబట్టి గుణకం కొంచెం తగ్గుతుంది.

కిలోమీటర్ల దారిలో వెళ్తే ఏమవుతుందో చూడండి. మన కుటుంబం కారు ఏడాదికి 9,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ చెప్పిన మైలేజీ వంద కిలోమీటర్లకు 5.5 లీటర్లు. ఆ లెక్కన 495 లీటర్లు, 1,143 కిలోలు. పెట్రోలు బంకు రసీదులు కలిపితే మాత్రం 600 లీటర్లు తేలాయి, అంటే 1,386 కిలోలు. రసీదుల అంకె 21 శాతం ఎక్కువ. ఇది వింతేమీ కాదు. కొత్త కార్లలోని మీటర్ల నుంచి యూరోపియన్ కమిషన్ సేకరించిన సమాచారంలో కూడా పెట్రోలు, డీజిల్ కార్ల నిజమైన వాడకం ప్రయోగశాల అంకె కంటే సుమారు 20 శాతం ఎక్కువే. పెట్రోలుతోనూ, ఛార్జింగ్‌తోనూ నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ల విషయంలో నిజమైన వాడకం ప్రయోగశాల అంకెకు మూడు రెట్ల పైనే, ఎందుకంటే చాలామంది వాటికి అనుకున్నంత ఛార్జింగ్ పెట్టరు.

రసీదులు దాచుకోకపోతే, ట్యాంకు నిండా పోయించి ఓడోమీటర్ రాసుకుని, మళ్లీ నిండా పోయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. నాలుగైదు సార్లు చేస్తే మీ కారు నిజమైన మైలేజీ తెలిసిపోతుంది.

ముడిచమురు తీయడం, శుద్ధి చేయడం, తరలించడం కలపాలంటే పైన ఇంకో పాతిక శాతం దాకా వేసుకోవాలి. అప్పుడు 1,386 కాస్తా దాదాపు 1,730 అవుతుంది. అనిశ్చితి ఎక్కువగా ఈ పాతిక శాతం దగ్గరే ఉంది. మొత్తం మీద 140 కిలోలు అటూ ఇటూ చాలు.

ఎలక్ట్రిక్ కారైతే?

ఇంట్లో ఛార్జ్ చేసిన యూనిట్లు ఇప్పటికే కరెంటు బిల్లులో ఉన్నాయి. రవాణా కింద మళ్లీ వేస్తే రెండుసార్లు వేసినట్టే. బయట ఛార్జింగ్ స్టేషన్లలో ఎక్కించిన యూనిట్లు మాత్రమే అదనంగా కలపండి.

ఒకే విమాన ప్రయాణానికి కాలిక్యులేటర్లు ఎందుకు రెండింతల తేడా చూపిస్తాయి?

విమానం పైఎత్తున వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు, వెనకాల ఏర్పడే తెల్లటి మబ్బుచారలు కూడా భూమిని వేడెక్కిస్తాయి. 2021లో డేవిడ్ లీ బృందం ప్రచురించిన అంచనా ప్రకారం, విమానయానం ఇప్పటిదాకా కలిగించిన వేడి ప్రభావంలో కార్బన్ డయాక్సైడ్ వాటా మూడో వంతే. మిగతాదాని లెక్కలో అనిశ్చితి చాలా పెద్దది. పైగా మబ్బుచారలు గంటల్లో మాయమవుతాయి, కార్బన్ డయాక్సైడ్ శతాబ్దాలు ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే తాసులో ఎలా తూచాలన్న దాని మీదే భిన్నాభిప్రాయాలున్నాయి.

అందుకే కొందరు కార్బన్ డయాక్సైడ్ మాత్రమే చూపిస్తారు, కొందరు దాన్ని ఒక సంఖ్యతో హెచ్చిస్తారు. బ్రిటన్ ప్రభుత్వ గుణకాల్లో ఈ హెచ్చింపు చాలాకాలం 1.9గా ఉండి, తర్వాత 1.7కు తగ్గింది. మన కుటుంబంలో ఇద్దరు, 1,500 కిలోమీటర్ల దూరానికి వెళ్లి వచ్చారు. మొత్తం 6,000 ప్రయాణికుల కిలోమీటర్లు. ఎకానమీ సీటుకు కిలోమీటర్‌కు 0.09 కిలో అనుకుంటే 540 కిలోలు, 1.7తో హెచ్చిస్తే సుమారు 920. నేనైతే హెచ్చించిన అంకెనే వాడి, హెచ్చించానని పక్కనే రాస్తాను. అనిశ్చితి 410 కిలోలు. సీటు తరగతి కూడా మర్చిపోకండి: దూరప్రయాణాల్లో బిజినెస్ క్లాస్ సీటు ఎకానమీ సీట్లు రెండు మూడింటి చోటు ఆక్రమిస్తుంది, ఉద్గారాల వాటా కూడా ఆ మేరకే పడుతుంది.

తిండి లెక్క ఎలా సేకరించాలి? రోజూ ఏం తిన్నామో రాసుకోవాలా?

తిన్నది కాదు, కొన్నది రాయండి. తిన్నది గుర్తు చేసుకుని రాస్తే జనం తక్కువ రాస్తారు. ఒంట్లో ఖర్చయిన శక్తిని నేరుగా కొలిచి, డైరీలతో పోల్చిన అధ్యయనాల్లో ఈ లోటు మళ్లీ మళ్లీ కనిపించింది. అదీగాక, పారేసిన తిండి డైరీలోకి రాదు. దాన్ని పండించడానికి అయిన ఉద్గారం మాత్రం అయ్యే ఉంటుంది. సరుకుల రసీదుల్లో ఆ వృథా కూడా కలిసే ఉంటుంది.

ఏడాదంతా రసీదులు దాచే ఓపిక ఎవరికీ ఉండదు. వేర్వేరు కాలాల్లో నాలుగు మామూలు నెలలు ఎంచుకుని, ఆ నెలల సరుకులు కలిపి, మూడుతో హెచ్చించండి. నెల మొదట్లో డబ్బాల్లో ఉన్న నిల్వ, చివర్లో మిగిలిన నిల్వ చూసుకోకపోతే, ఒక పెద్ద బియ్యం బస్తా ఎప్పుడు కొన్నారన్న దాని మీద లెక్క ఊగిపోతుంది.

చాలామంది బోల్తా పడేది బరువు దగ్గర. బియ్యానికి, పప్పుకు ప్రచురించే గుణకాలు పచ్చి గింజకు. కిలో బియ్యం వండితే రెండున్నర నుంచి మూడు కిలోల అన్నం అవుతుంది. కంచంలో అన్నాన్ని తూచి, దానికి బియ్యం గుణకం వేస్తే లెక్క దాదాపు మూడింతలు పెరిగిపోతుంది. మాంసం విషయంలోనూ ఎముకతోనా, ఎముక లేకుండానా అన్నది గుణకంతో సరిపోవాలి.

రాసుకున్న పట్టీ సరిగ్గా ఉందో లేదో తెలిసేదెలా?

క్యాలరీలు కూడండి. తిండి లెక్కకు ఇంతకంటే మంచి తనిఖీ నాకు తెలియదు, ఎందుకో గాని ఎవరూ చేయరు. మన కుటుంబం ఏడాది పట్టీ ఇది: బియ్యం 260 కిలోలు, గోధుమపిండి 160, పప్పులు 60, పాలు 360 లీటర్లు, కోడిమాంసం 60 కిలోలు, గుడ్లు 30 కిలోలు, నూనె 45, చక్కెర 40, కూరగాయలు, పళ్లు కలిపి 450. ఇందులో మొత్తం సుమారు 28 లక్షల కిలోక్యాలరీలున్నాయి. నలుగురికి, 365 రోజులకు పంచితే మనిషికి రోజుకు 1,930. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంటికి నమ్మదగ్గ అంకె.

అదే 1,300 వచ్చి ఉంటే, మూడో వంతు తిండి పట్టీలోకి ఎక్కలేదని అర్థం: బయట తిన్నవి, చిరుతిళ్లు, ఆఫీసు క్యాంటీన్. 3,000 వచ్చి ఉంటే బరువులో తప్పైనా ఉండాలి, చుట్టాలైనా బాగా వచ్చి ఉండాలి, వృథా అయినా ఎక్కువ ఉండాలి.

మరి తిండి గుణకాలు ఎంత నమ్మదగ్గవి?

ఎక్కువమంది వాడేవి, జోసెఫ్ పూర్, థామస్ నెమెసెక్ 2018లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం నుంచి వచ్చాయి. 119 దేశాల్లోని సుమారు 38,700 పొలాల సమాచారాన్ని వాళ్లు ఒకచోట చేర్చారు. అందులోని ప్రపంచ సగటుల ప్రకారం కిలో బియ్యానికి సుమారు 4.45 కిలోలు, లీటరు పాలకు 3.15, కిలో కోడిమాంసానికి 9.87, పప్పులకు 1.8. మన కుటుంబానికి వేస్తే బియ్యం 1,157, పాలు 1,134, కోడిమాంసం 592. మిగతావన్నీ కలిపి 1,140 దాకా. మొత్తం 4,020 కిలోలు.

ఇక్కడ "సగటు" అన్న మాట దగ్గర ఆగాలి. ఎప్పుడూ నీళ్లు నిలబెట్టిన వరి మడిలో మట్టికి గాలి ఆడక మీథేన్ ఎక్కువ పుడుతుంది. మధ్యలో ఆరబెట్టిన మడిలో తగ్గుతుంది. మీ సంచిలో ఉన్న బియ్యం ఏ మడిదో సంచి మీద రాయరు. పాలదీ అదే కథ: తక్కువ పాలిచ్చే పశువైనా తిని నెమరేస్తుంది, మీథేన్ వదులుతుంది, ఆ భారం కొద్ది లీటర్ల మీదే పడుతుంది. అడవి కొట్టి వేసిన పొలమైతే ఆ నష్టాన్ని ఎన్నేళ్ల పంటకు పంచాలన్నది ఇంకో తగువు. తిండి లెక్కకు ముప్ఫై శాతం అటూ ఇటూ అంటే నాకు అతిగా అనిపించదు. అంటే 1,200 కిలోలు.

అంకె గట్టిది కాకపోయినా వరస మాత్రం గట్టిదే. అదే అధ్యయనంలో వంద గ్రాముల ప్రొటీన్‌కు మాంసం కోసమే పెంచిన పశువుల గొడ్డుమాంసం సగటు 50 కిలోలు. బాగా తక్కువ ఉద్గారాలున్న పదోవంతు ఉత్పత్తిలోనూ అది 20 దాకా ఉంది. పప్పుల సగటు 0.84. పొలం ఏదైనా ఇంత దూరం చెరిగిపోదు.

మీథేన్‌ను కార్బన్ డయాక్సైడ్‌లోకి మార్చేటప్పుడు ఏ సంఖ్య వాడాలి?

వందేళ్ల కాలాన్ని బట్టి చూడడం ఆనవాయితీ. ఐపీసీసీ 2021 నివేదికలో పొలాల, పశువుల మీథేన్‌కు ఆ విలువ 27. ఇరవై ఏళ్లకే చూస్తే 79.7, దాదాపు మూడింతలు. పాలు, బియ్యం కలిపి మన కుటుంబానికి 2,290 కిలోలు కదా, అందులో సగం మీథేన్ అనుకుంటే, ఇరవై ఏళ్ల విలువకు మారిన మరుక్షణం లెక్క 2,200 కిలోలకు పైగా పెరుగుతుంది. కంచంలో ఏమీ మారలేదు. ఇది కొలతలో తప్పు కాదు, కొలబద్ద ఎంపిక. కాబట్టి దీన్ని అనిశ్చితిలో కలపకుండా, ఏ కొలబద్ద వాడామో చెప్పేస్తే సరిపోతుంది.

అన్నీ కలిపితే మొత్తం ఎంత, ఎంత తేడాతో?

కరెంటు 1,630, కారు 1,730, విమానం 920, తిండి 4,020. మొత్తం 8,300 కిలోలు. నాలుగు అనిశ్చితులనూ నేరుగా కూడితే 1,995 వస్తుంది. కానీ నాలుగూ ఒకేసారి ఒకే వైపు తప్పడం అరుదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని తప్పులను వర్గాల పద్ధతిలో కూడతారు, అంటే ఒక్కోదాన్ని దానితోనే హెచ్చించి, అన్నీ కూడి, మొత్తానికి వర్గమూలం తీస్తారు:

```
sqrt(245^2 + 140^2 + 410^2 + 1200^2) ≈ 1300
```

అంటే కుటుంబం ఉద్గారాలు సుమారు 7,000 నుంచి 9,600 కిలోల మధ్య ఉన్నాయి. ఏ కాలిక్యులేటరైనా 8,304.6 అని చూపిస్తే ఆ చివరి అంకెలకు అర్థం లేదు.

ఈ సూత్రంతో ఇంకో ఉపయోగం ఉంది. కరెంటు గుణకం కోసం వారం రోజులు వెతికి దాన్ని పూర్తిగా కచ్చితం చేశామనుకోండి. 245 స్థానంలో సున్నా వేస్తే 1,300 కాస్తా 1,275 అవుతుంది. అంతే. అదే తిండి అనిశ్చితిని సగానికి తెస్తే మొత్తం 780కి దిగుతుంది. జనం మాత్రం కరెంటు గుణకం మీదే ఎక్కువ వాదించుకుంటారు, బహుశా అది చేతికందే అంకె కాబట్టి.

ఒక హెచ్చరిక. తిండిలో ఒక్కో సరుకు తప్పునూ ఇలా వర్గాలతో కూడి "తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి" అనుకోకండి. అన్నింటికీ ఒకే అధ్యయనం గుణకాలు, ఒకే రసీదుల పట్టీ వాడినప్పుడు తప్పులన్నీ ఒకే వైపు వాలొచ్చు.

ఇంత తేడా ఉన్నప్పుడు, 270 కిలోలు తగ్గించానని చెప్పుకోవడంలో అర్థం ఉందా?

ఉంది. కుటుంబం కరెంటును 3,000 నుంచి 2,500 యూనిట్లకు తగ్గించిందనుకోండి. తగ్గింది సుమారు 270 కిలోలు. మొత్తంలో ఉన్న 1,300 తేడా ముందు ఇది కనపడదు. కానీ రెండేళ్లకూ తిండి లెక్క ఒకే పట్టీతో, ఒకే గుణకాలతో వేస్తే అందులోని తప్పు రెండేళ్లలోనూ ఒకటే, తీసివేతలో పోతుంది. మిగిలేది ఆ 270లో పదిహేను శాతం, అంటే నలభై కిలోల సందేహమే.

దీనికి షరతు, గుణకం మారకూడదు. మరుసటి ఏడాది గ్రిడ్ గుణకం 0.5 నుంచి 0.47కు దిగితే, ఒక్క స్విచ్ కూడా ఆపకుండానే కరెంటు ఉద్గారం ఆరు శాతం తగ్గుతుంది. అందుకే కొత్త ఏడాది వాడకాన్ని ముందు పాత గుణకంతో లెక్కించి, మీ వల్ల తగ్గింది ఎంతో చూడండి. ఆ తర్వాత కొత్త గుణకం వేసి, గ్రిడ్ వల్ల తగ్గింది ఎంతో చూడండి. వాడే కాలిక్యులేటర్ మధ్యలో తన గుణకాలను మార్చేస్తే మీకు తెలియదు. సొంత స్ప్రెడ్‌షీట్‌లో గుణకానికి ఒక నిలువు వరుస, అది ఏ ఏడాదిదో ఇంకో వరుస పెట్టుకోవడం మేలు.

ఇంకో లోతు కూడా ఉంది. మీరు యూనిట్ ఆదా చేసినప్పుడు గ్రిడ్‌లో అన్ని కేంద్రాలూ కొద్దికొద్దిగా తగ్గవు, ఆ సమయానికి పైకీ కిందికీ ఆడించగలిగే కేంద్రమే తగ్గుతుంది. చాలాచోట్ల అది బొగ్గుదో గ్యాస్‌దో. కాబట్టి నిజంగా తప్పిన ఉద్గారం సగటు గుణకం చూపించిన దానికంటే ఎక్కువా కావొచ్చు, తక్కువా కావొచ్చు. ఏడాది మొత్తం లెక్కకు సగటు గుణకం, ఆదా ప్రభావం తెలుసుకోవడానికి ఆ చివరి కేంద్రపు గుణకం: రెండింటినీ ఒకే పట్టికలో కలపొద్దు.

మనిషికి ఎంత అని ఎలా పంచాలి?

8,300ను నాలుగుతో భాగిస్తే 2,075. ఏడాదిలో సగం హాస్టల్లో ఉండే పిల్లాడుంటే నాలుగుకు బదులు మూడున్నర. వేరే ఇళ్లతో పోల్చేటప్పుడు జాగ్రత్త: ఫ్రిజ్, లైట్లు ఎంతమంది ఉన్నా దాదాపు ఒకటే కాబట్టి ఒంటరిగా ఉండేవాళ్ల అంకె ఎప్పుడూ ఎక్కువగానే తేలుతుంది.

ఈ లెక్కలోకి రానివి ఏమిటి?

వంటగ్యాస్ రాలేదు. ఎల్పీజీ వాడితే కిలోకు సుమారు 3 కిలోలు, సులభంగా కలుపుకోవచ్చు. బట్టలు, ఫోన్లు, ఇల్లు కట్టిన సిమెంటు, కారు తయారీ రాలేదు. కారు తయారీ ఒక్కటే కొన్ని టన్నులు ఉంటుంది. అందుకే ఈ 2,075ను దేశ తలసరి సగటు పక్కన పెట్టి "మేం సగటు కంటే నయం" అనుకోవడం కుదరదు. తలసరి సగటులో కర్మాగారాలు, ఆస్పత్రులు, రోడ్లు అన్నీ ఉంటాయి. పోల్చాలంటే ఇవే నాలుగు విభాగాలు, ఇవే హద్దులు పెట్టుకున్న ఇంకో ఇంటితో పోల్చాలి, లేదా మీ ఇంటి పోయినేడాది లెక్కతో.